స్క్రీన్‌షాట్‌లో వచ్చిన స్ప్రెడ్‌షీట్‌ను తనిఖీ చేయడం: తెగిన రిఫరెన్సులు, కురచ రేంజ్‌లు, ఫార్ములా ఉండాల్సిన చోట చేత్తో కొట్టిన అంకెలు

అపార్ట్‌మెంట్ సంఘం జమాఖర్చులు గాని, చిన్న సంస్థల జీతాల పట్టీలు గాని ఇప్పుడు ఎక్కువగా ఫైలు రూపంలో కాక వాట్సాప్‌లో బొమ్మగా వస్తున్నాయి. బొమ్మ వచ్చినప్పుడు ఏ సెల్ మీదా నొక్కి చూడలేము, దాని వెనుక ఫార్ములా ఉందో అంకె ఉందో తెలియదు, ఎక్సెల్‌లోని తనిఖీ సాధనాలేవీ పనికిరావు. అయినప్పటికీ, బొమ్మలో కనబడే విలువలను ఒక క్రమంలో కూడి చూసి, ఆ తర్వాత సరైన రెండో బొమ్మ ఒకటి అడిగి తెప్పించుకుంటే, ఫార్ములా తప్పుల్లో చాలా వాటిని సెల్ చిరునామాతో సహా చెప్పవచ్చు. ఆ క్రమాన్ని ఒక అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పట్టీని నమూనాగా తీసుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

## ముందుగా బొమ్మ తనిఖీకి పనికొస్తుందో లేదో చూడాలి

ఎడమ అంచున వరుసల సంఖ్యలు, పైన కాలమ్‌ల అక్షరాలు లేని బొమ్మను తనిఖీ చేయడం వృథా ప్రయాస. అవి ఉంటేనే తప్పు ఫలానా సెల్‌లో ఉందని చెప్పగలం. వరుసల సంఖ్యలు మరో సంగతి కూడా చెబుతాయి. 8 తర్వాత నేరుగా 11 కనిపిస్తే 9, 10 వరుసలు దాచి ఉన్నాయని అర్థం. `SUM` ఫార్ములా దాచిన వరుసలను కూడా కూడుతుంది కాబట్టి, కనిపించే అంకెలను మనం కూడితే వచ్చే మొత్తం పట్టీలోని మొత్తంతో కలవదు. దాన్ని ఫార్ములా తప్పుగా భావించి కోశాధికారికి రాయడం కంటే ముందే ఆ సంఖ్యలను పై నుంచి కింది దాకా ఒకసారి చదవడం మంచిది.

పైభాగంలో ఫార్ములా బార్, దాని ఎడమ పక్కన సెల్ పేరు చూపే చిన్న పెట్టె, అడుగున షీట్ల పేర్లు కూడా బొమ్మలో ఉంటే మేలు. ఫార్ములా బార్‌లో కనిపించేది ఎంపికైన ఒక్క సెల్ ఫార్ములా మాత్రమే అయినా, ఆ ఒక్కటీ మనకు రుజువుగా ఉపయోగపడుతుంది.

వాట్సాప్‌లో ఫోటోగా పంపిన బొమ్మ నాణ్యత తగ్గి వస్తుంది. అప్పుడు 3కు 8కి, B8కి B3కి, `$B$1`కి `$B$7`కి తేడా తెలియదు. ఫార్ములాలు చదవాల్సిన పనిలో ఒక్క అక్షరం మసకబారినా తీర్పు తారుమారవుతుంది. అందుచేత బొమ్మను డాక్యుమెంటుగా పంపమని అడగాలి. మసకగా ఉన్న అంకెను ఊహించి చదవకూడదు.

## నమూనా పట్టీ

ఇది జూలై నెల పట్టీ అనుకుందాం. `B1` సెల్‌లో చదరపు అడుగుకు మెయింటెనెన్స్ రేటు 3 రూపాయలు అని ఉంది. మూడో వరుసలో శీర్షికలు, 4 నుంచి 13 వరకు ఫ్లాట్లు, 14లో మొత్తాలు ఉన్నాయి.

| వరుస | A ఫ్లాట్ | B చదరపు అడుగులు | C మెయింటెనెన్స్ | D నీరు | E పాత బాకీ | F మొత్తం |
|---|---|---|---|---|---|---|
| 4 | 101 | 1200 | 3600 | 450 | 0 | 4050 |
| 5 | 102 | 1150 | 3450 | 450 | 0 | 3900 |
| 6 | 103 | 1350 | 4050 | 600 | 0 | 4650 |
| 7 | 104 | 1200 | 3600 | 450 | 4050 | 8100 |
| 8 | 201 | 1200 | 3600 | 450 | 0 | 4050 |
| 9 | 202 | 1150 | 3000 | 450 | 0 | 3450 |
| 10 | 203 | 1350 | 4050 | 600 | 0 | 4650 |
| 11 | 204 | 1200 | 3600 | 600 | 1500 | 4200 |
| 12 | 301 | 1200 | 3600 | 450 | 0 | 4050 |
| 13 | 302 | 1150 | 3450 | 450 | 0 | 3900 |
| 14 | మొత్తం | | 36000 | 4950 | 5550 | 41100 |

దాని కింద `B16`లో ఈ నెల ఖర్చు 38,500, `B17`లో గత నెల నిల్వ 0, `B18`లో నెలాఖరు నిల్వ 2,600 అని ఉన్నాయి. షీట్ల పేర్ల దగ్గర `May`, `July` అనే రెండే కనిపిస్తున్నాయి. ఎక్కడా ఎర్రగా గాని, `#` గుర్తుతో గాని ఏ హెచ్చరికా లేదు. పైపైన చూసేవారికి ఇది శుభ్రమైన పట్టీ.

## ప్రతి కాలమ్‌కూ ఉండాల్సిన నియమం రాసుకోవడం

అంకెల్లోకి దిగకముందు, ఒక్కొక్క కాలమ్ ఎలా తయారై ఉండాలో మాటల్లో రాసుకోవాలి. A, B, D, E కాలమ్‌లు ఎవరో ఒకరు టైపు చేయాల్సినవి. కనుక వాటిలో ఉత్త అంకెలు ఉండటం తప్పు కాదు. C కాలమ్ అదే వరుసలోని B విలువను `B1`లోని రేటుతో గుణించగా రావాలి. F కాలమ్ అదే వరుసలోని C, D, E ల కూడిక కావాలి. పద్నాలుగో వరుసలోని ప్రతి మొత్తమూ 4 నుంచి 13 దాకా ఉన్న పది సెల్‌ల కూడిక కావాలి. నెలాఖరు నిల్వ అంటే వసూలు మొత్తంలోంచి ఖర్చు తీసేసి గత నెల నిల్వ కలిపినది.

ఈ రెండు నిమిషాల పనిని చాలామంది వదిలేస్తారు. నియమం రాసి పెట్టుకోకపోతే, టైపు చేయాల్సిన అంకెకూ టైపు చేయకూడని అంకెకూ మధ్య గీత ఎక్కడుందో తనిఖీ మధ్యలో తేల్చుకోవలసి వస్తుంది, అప్పటికి కన్ను పట్టీలో ఉన్నదానికి అలవాటుపడిపోతుంది.

## విలువలతోనే చేసే మూడు పరీక్షలు

మొదటిది అడ్డం పరీక్ష. ఒక్కో వరుసలో C, D, E లను కూడి F తో పోల్చాలి. పది వరుసల్లో తొమ్మిది సరిపోతాయి. పదకొండో వరుసలో, అంటే 204 ఫ్లాట్ దగ్గర, 3600, 600, 1500 కలిపితే 5700 రావాలి, పట్టీలో 4200 ఉంది. తేడా సరిగ్గా 1500, అదే ఆ ఫ్లాట్ పాత బాకీ. తేడా విలువ అదే వరుసలోని ఒక సెల్ విలువతో కచ్చితంగా సమానమైందంటే, ఫార్ములాలో ఆ సెల్ చేరలేదని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు. ఇక్కడ గమనించాల్సిన విషయం, ఇదే తప్పు 101 ఫ్లాట్ వరుసలో ఉండి ఉంటే ఈ నెల బయటపడేది కాదు. అక్కడ పాత బాకీ సున్నా కాబట్టి ఫార్ములా తప్పైనా విలువ ఒప్పే వస్తుంది.

రెండోది నిలువు పరీక్ష. C, D, E కాలమ్‌ల మొత్తాలు పై అంకెల కూడికతో కలుస్తాయి. F కాలమ్‌లో కనిపించే పది అంకెలను కూడితే 45,000 వస్తుంది, `F14`లో మాత్రం 41,100 ఉంది. తేడా 3,900. ఇప్పుడు 3,900 అనే విలువ ఆ కాలమ్‌లో ఎక్కడుందో వెతకాలి. అది రెండు చోట్ల ఉంది, ఐదో వరుసలో, పదమూడో వరుసలో. విలువలను బట్టి ఈ రెండింట్లో ఏది కూడికలోంచి జారిపోయిందో చెప్పలేము. చివరి వరుస జారిపోవడమే ఎక్కువగా జరిగే సంగతి కాబట్టి అనుమానం పదమూడో వరుస మీద పెట్టుకోవచ్చు గాని, నిర్ధారణ ఫార్ములా చూశాకే చేయాలి.

ఒక కాలమ్ మొత్తం తగ్గిందంటే కారణం ఎప్పుడూ కురచ రేంజే కానక్కర్లేదు. టైపు చేసిన అంకె టెక్స్ట్‌గా నిలిచిపోయి ఉంటే `SUM` దాన్ని లెక్కలోకి తీసుకోదు, కాని `=C10+D10+E10` వంటి కూడిక ఫార్ములా అదే టెక్స్ట్‌ను అంకెగా మార్చుకుని కూడుతుంది. అందువల్ల వరుస మొత్తం ఒప్పుగా, కాలమ్ మొత్తం తక్కువగా వస్తుంది. బొమ్మలో దీని జాడ, తక్కిన అంకెలన్నీ కుడి అంచుకు ఆని ఉండగా అదొక్కటే ఎడమకు జరిగి ఉండటం. కాలమ్ మొత్తాన్నీ మధ్యకు అమర్చి ఉంటే ఈ జాడ కనబడదు.

మూడోది మూలకు మూల పరీక్ష. `C14`, `D14`, `E14` లను కూడితే 46,500. `F14`లో ఉన్నది 41,100. తేడా 5,400. పై రెండు పరీక్షల్లో దొరికిన 1500, 3900 కలిపితే సరిగ్గా ఇదే వస్తుంది కాబట్టి, ఈ నాలుగు కాలమ్‌ల కూడికల్లో మనకు దొరకని తేడా మరేదీ మిగల్లేదని తెలుస్తుంది. ఈ పరీక్షను ఒంటరిగా చేసి ఉంటే 5,400 అనే విలువ కోసం పట్టీ అంతా వెతికినా ఎక్కడా దొరికేది కాదు. రెండు తప్పులు కలిసిపోయినప్పుడు ఇలాగే అవుతుంది. అందుకే అడ్డం, నిలువు పరీక్షలు ముందు చేసి, దీన్ని చివరకు ఉంచుకోవాలి.

పైసలున్న పట్టీల్లో ఒకటి రెండు రూపాయల తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు. సెల్‌లో దశాంశాలు దాచి చూపినా లోపల పూర్తి విలువ ఉంటుంది, కూడిక ఆ పూర్తి విలువలతోనే జరుగుతుంది.

## కూడికకు దొరకని తప్పు

పై మూడు పరీక్షలూ 202 ఫ్లాట్ విషయంలో ఏమీ చెప్పలేదు. అక్కడ మెయింటెనెన్స్ 3000, నీరు 450, మొత్తం 3450. అడ్డంగా కలిసింది, నిలువుగా కూడా కలిసింది. అయితే మనం రాసుకున్న నియమం ప్రకారం 1150ని 3తో గుణిస్తే 3450 రావాలి. అదే విస్తీర్ణం ఉన్న 102, 302 ఫ్లాట్లకు 3450 చొప్పునే ఉంది. ఫార్ములా ఉండాల్సిన సెల్‌లో ఎవరో 3000 అని చేత్తో కొట్టారని ఇక్కడ అనుమానించాలి.

ఫార్ములా కాలమ్‌లో చేత్తో కొట్టిన అంకెను పట్టుకోవడానికి మూల విలువల నుంచి తిరిగి లెక్కకట్టడం ఒక్కటే నమ్మదగిన మార్గం. మొత్తం మీద కూడా ఒకసారి కట్టి చూడవచ్చు. B కాలమ్‌లోని విస్తీర్ణాల కూడిక 12,150, దాన్ని 3తో గుణిస్తే 36,450, పట్టీలోని `C14` 36,000. తేడా 450. పక్కవాటికంటే గుండ్రంగా ఉన్న అంకె, ఒకే రకం ఫ్లాట్లలో ఒకటి మాత్రం వేరుగా ఉండటం వంటివి సూచనలే తప్ప రుజువులు కావు. పైగా అంకె ఒప్పుగా ఉన్నా అది చేత్తో కొట్టినదే కావచ్చు. 301 ఫ్లాట్ ఎదుట ఎవరైనా 3600 అని టైపు చేసి ఉంటే ఈ నెల లెక్క కలుస్తుంది, వచ్చే నెల `B1`లో రేటును 3.50కి మార్చినప్పుడు ఆ ఒక్క ఫ్లాట్ మాత్రం పాత రేటులోనే ఉండిపోతుంది. విలువల బొమ్మలో దీన్ని చూడటం అసాధ్యం.

## రెండో బొమ్మ అడగడం, దాన్ని చదవడం

ఇక పట్టీ పంపినవారిని ఫార్ములాలు కనిపించే బొమ్మ అడగాలి. ఎక్సెల్‌లో `Formulas` ట్యాబ్‌లోని `Show Formulas` నొక్కితే సెల్‌లలో విలువలకు బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. `Ctrl` కీ పట్టుకుని, `Esc` కింద ఉండే బ్యాక్‌టిక్ కీ నొక్కినా అంతే. గూగుల్ షీట్స్‌లో `View` మెనూలో `Show`, అందులో `Formulas`. పొడవైన ఫార్ములాలు సగంలో తెగి కనిపించకుండా కాలమ్‌లను వెడల్పు చేసి బొమ్మ తీయమని చెప్పడం మరవకూడదు. ఈ స్థితిలో తేదీలు 45839 వంటి సంఖ్యలుగా కనిపిస్తాయి (అది 2025 జూలై 1). అది తప్పు కాదు, ఎక్సెల్ తేదీని లోపల దాచుకునే పద్ధతే అంత.

మన పట్టీలో C కాలమ్ ఒక భాగం ఇలా కనిపిస్తుంది.

```
C8   =B8*$B$1
C9   3000
C10  =B10*$B$1
```

ఇలాంటి కాలమ్‌ను ఒక్కొక్క ఫార్ములాగా చదవకూడదు, ఆకారంగా చూడాలి. వరుస సంఖ్య తప్ప మరేమీ మారకూడదన్నది నియమం. కాబట్టి పొడవు మారినా, `=` గుర్తు లేకపోయినా, డాలరు గుర్తు తప్పిపోయినా కన్ను అక్కడ ఆగుతుంది. `C9` దగ్గర `=` లేదు, అంటే అనుమానం రుజువైంది. ఇంకొంచెం మాటుగా ఉండే రకం `=B9*$B$1-450` వంటిది. పైకి ఫార్ములాయే, కాని లోపల 450 అనే అంకె కారణం చెప్పకుండా కూర్చుని ఉంటుంది. ఫార్ములా లోపల ఇలాంటి అంకె కనిపిస్తే అది 12 నెలలు, 100 శాతం వంటి మారని సంఖ్యా, లేక ఎవరి నిర్ణయం వల్లో వచ్చినదా అని అడగాలి. రెండో రకానికి సొంత సెల్ ఉండాలి.

F కాలమ్‌లో చివరి నాలుగు సెల్‌లు చూద్దాం.

```
F11  =C11+D11
F12  =C12+D12+E12
F13  =C13+D13+E13
F14  =SUM(F4:F12)
```

`F11`లో `E11` లేదు, 1500 తేడాకు కారణం అదే. `F14`లో రేంజ్ 12 దగ్గర ఆగింది, అంటే జారిపోయింది ఐదో వరుస కాదు, పదమూడో వరుసే. పక్కనున్న `C14`, `D14`, `E14` మూడింటిలో రేంజ్ 13 దాకా ఉంది కాబట్టి, 302 ఫ్లాట్‌ను తర్వాత చేర్చినప్పుడు మూడు కాలమ్‌లు సవరించి నాలుగోదాన్ని మరిచారని ఊహించవచ్చు. రేంజ్ మధ్యలో వరుస చేర్చితే రేంజ్ దానంతట అదే పెరుగుతుంది. చివరి వరుస కింద, మొత్తానికి పైన చేర్చినప్పుడు పెరగకపోవచ్చు. అందుకే ఎప్పుడైనా రేంజ్ రెండు కొసలనూ పట్టీలోని మొదటి, చివరి డేటా వరుసలతో పోల్చి చదవాలి, పక్క కాలమ్‌ల రేంజ్‌లతోనూ పోల్చాలి.

ఈ తప్పు పెద్దవారికీ తప్పలేదు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ప్రచురించిన ప్రభుత్వ రుణాల పరిశోధన తాలూకు ఎక్సెల్ ఫైలును థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి పరిశీలించినప్పుడు, `L30:L49` ఉండాల్సిన చోట `=AVERAGE(L30:L44)` అని కనిపించింది. ఐదు దేశాలు సగటులోకి రాలేదు. 2013లో బయటికి వచ్చిన ఆ వ్యవహారంలో తుది అంకెల్లోని తేడాలో ఎక్కువ భాగం ఇతర కారణాల వల్ల వచ్చిందే అయినా, అందరికీ గుర్తుండిపోయింది ఆ రేంజ్ తప్పే.

ఎక్సెల్‌లో సెల్ ఎడమ పై మూలన కనిపించే ఆకుపచ్చ త్రికోణం ఇలాంటి వాటికి హెచ్చరికగా వస్తుంది. పక్క ఫార్ములాలతో పొసగని `F11` వంటి సెల్ మీద అది కనిపిస్తే లాభమే. కాని మామూలు పట్టీలో `C9` వంటి ఉత్త అంకె మీద ఆ గుర్తు రాదు, పైగా ఆ తనిఖీని ఎవరైనా ఆపేసి ఉండవచ్చు. కాబట్టి త్రికోణం లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

డాలరు గుర్తు మరిచిన ఫార్ములా అయితే రెండో బొమ్మ దాకా ఆగనక్కర్లేదు. `C4`లో `=B4*B1` అని రాసి కిందికి లాగితే, `C5`లో `B2` ఖాళీ కాబట్టి 0 వస్తుంది, `C6`లో `B3` శీర్షిక కాబట్టి `#VALUE!` వస్తుంది, `C7`లో 1200ని 1200తో గుణించి 14,40,000 వస్తుంది. సున్నా, తప్పు సందేశం, భారీ అంకె ఈ క్రమంలో కనబడితే కారణం ఇదేనని చూడగానే చెప్పవచ్చు.

## తెగిన రిఫరెన్సు: కనబడేది, కనబడనిది

ఫార్ములా ఆధారపడ్డ సెల్‌నో, వరుసనో, షీట్‌నో తొలగిస్తే `#REF!` వస్తుంది. ఫార్ములాలో అది ఉన్న స్థానాన్ని బట్టి ఏది పోయిందో తెలుస్తుంది. ఎక్సెల్‌లో `May!#REF!` అని ఉంటే షీట్ ఉంది, అందులోని సెల్ పోయింది. `#REF!B18` అని ఉంటే షీట్ మొత్తం పోయింది. ఒక మూల సెల్‌లో తప్పు వస్తే దాన్ని వాడుకునే సెల్‌లన్నీ అదే తప్పు చూపుతాయి. కాబట్టి బొమ్మలో ఇరవై చోట్ల `#REF!` కనిపించినా కంగారుపడకుండా, ఫార్ములా లోపల ఆ మాట ఉన్న సెల్ ఏదో వెతకాలి. తక్కినవి దాని నీడలే.

కనబడే `#REF!` నిజానికి మేలు చేసేది, ఎందుకంటే దాన్ని ఎవరూ చూడకుండా ఉండలేరు. ప్రమాదం దాన్ని కప్పేసినప్పుడు వస్తుంది. మన పట్టీలో `B17` చూడండి.

```
B17  =IFERROR(#REF!B18,0)
B18  =F14-B16+B17
```

మొదట ఇది జూన్ షీట్‌లోని నిల్వను తెచ్చుకునే `=IFERROR(June!B18,0)` అయి ఉండాలి. జూన్ షీట్‌ను తొలగించగానే రిఫరెన్సు తెగింది. తప్పు వస్తే సున్నా చూపమని `IFERROR` చెప్పింది కాబట్టి గత నెల నిల్వ సున్నా అయింది. నెలాఖరు నిల్వ 2,600 అని మర్యాదగా కనిపించింది. విలువల బొమ్మలో దీనికి రెండు జాడలున్నాయి. నడుస్తున్న సంఘానికి గత నిల్వ సరిగ్గా సున్నా కావడం ఒకటి, అడుగున షీట్ల పేర్లలో `June` లేకపోవడం రెండోది. ఏదైనా లెక్కలో ముందు నెల నుంచి రావాల్సిన విలువ సున్నా అయితే, ముందు నెల బొమ్మ తీసి పోల్చే దాకా దాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం. డబ్బు లెక్కల్లో `IFERROR(…,0)` వాడడమే మంచి పద్ధతి కాదు. తప్పు వచ్చినప్పుడు సున్నా కంటే "నిల్వ దొరకలేదు" అనే మాట చూపించడం మేలు.

## కనుగొన్నది రాసి పంపడం

పట్టీ పంపినవారికి రాసేటప్పుడు ప్రతి అంశానికి సెల్ చిరునామా, అక్కడ ఉన్నది, ఉండాల్సింది, దాని వల్ల వచ్చిన తేడా రాయాలి. ఫార్ములా బొమ్మలో కళ్లారా చూసినదాన్నీ, విలువల నుంచి ఊహించినదాన్నీ వేరుగా చెప్పాలి. ఉదాహరణకు "`F14`లో రేంజ్ `F4:F12` ఉంది, `F4:F13` కావాలి, 302 ఫ్లాట్ 3,900 కూడలేదు" అన్నది చూసిన విషయం. "302ను తర్వాత చేర్చారు" అన్నది ఊహ, దాన్ని రాయనే అక్కర్లేదు.

`C9` విషయంలో మాట జాగ్రత్తగా వాడాలి. 202 ఫ్లాట్‌కు సంఘం 450 రూపాయల రాయితీ ఇచ్చి ఉండవచ్చు. బొమ్మకు ఆ సంగతి తెలియదు. కాబట్టి దాన్ని తప్పు అనకుండా "ఇక్కడ ఫార్ములా లేదు, రేటు ప్రకారం 3,450 రావాలి, రాయితీ ఉంటే దానికి వేరే కాలమ్ పెట్టండి" అని రాయడం సబబు.

సవరించిన పట్టీ బొమ్మ తిరిగి వచ్చినప్పుడు ఏ అంకెలు ఉండాలో ముందే కట్టి పెట్టుకోవాలి. రాయితీ లేకపోతే `C14` 36,450, `F14` 46,950 కావాలి. ఉంటే `F14` 46,500 కావాలి. నెలాఖరు నిల్వ మొదటి సందర్భంలో 8,450కి, రెండో సందర్భంలో 8,000కి జూన్ నిల్వ కలిపినంత రావాలి. తొలగించిన జూన్ షీట్ దొరక్కపోతే, ఆ నెలలో సభ్యులకు పంపిన బొమ్మలోని `B18` విలువను `B17`లో టైపు చేసి, అది ఎక్కడి నుంచి తెచ్చారో పక్క సెల్‌లో రాయమని అడగవచ్చు. అయితే `F11`, `F14` వంటి తప్పులు జూన్ పట్టీలోనూ ఉండి ఉండవచ్చు కాబట్టి, ఆ బొమ్మకు కూడా ముందుగా అడ్డం, నిలువు పరీక్షలు చేయాలి.